రాత్రి మూడింటికి తెరుచుకునే ఆకాశం: 7 మెగాహెర్ట్జ్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 14

మా బావది విజయవాడ దగ్గర పల్లెటూరు, నేనుండేది హైదరాబాదులో. ఇద్దరికీ హ్యామ్ లైసెన్సు ఉంది. సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ మీద హాయిగా మాట్లాడుకుంటాం. అదే రేడియోతో, అదే తీగతో, తెల్లవారుజామున నాలుగింటికి పిలిస్తే బావ అస్సలు వినపడడు. ఆ సమయంలోనే ఇండోనేషియా వైపు స్టేషన్లు మాత్రం బాగానే వస్తుంటాయి. పక్కనున్నవాడు పోయి దూరపువాడు మిగలడాన్ని మావాళ్లు "బ్యాండ్ లాంగ్ అయిపోయింది" అంటారు.

అలా పోయే క్షణాన్ని పట్టుకుంటే మన నెత్తిమీద 300 కిలోమీటర్ల ఎత్తులో ఘన సెంటీమీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో లెక్కగట్టొచ్చు. ఈ ప్రాజెక్టు అందుకోసమే. రాకెట్ అక్కర్లేదు, రాడార్ అక్కర్లేదు. బావ రాత్రంతా చిన్న సిగ్నల్ పంపుతుంటాడు, నా కంప్యూటర్ రాసుకుంటుంది.

పంపేది విస్పర్ సిగ్నల్. దాదాపు రెండు నిమిషాలు సాగే బలహీనమైన డిజిటల్ బీకన్ అది. శబ్దంలో పూర్తిగా మునిగిపోయి చెవికి వినపడనిదాన్ని కూడా WSJT-X అనే ప్రోగ్రాం డీకోడ్ చేసి, ఎంత బలంగా వచ్చిందో డెసిబెల్స్‌లో ఫైల్లో పెడుతుంది. బావ పవర్ ఒక్క వాట్. కంప్యూటర్ గడియారం ఒకట్రెండు సెకన్లు తప్పినా డీకోడ్ కాదు కాబట్టి, రెండు చోట్లా టైమ్ సింక్ పెట్టుకున్నాం.

ఫిబ్రవరి 16

యాంటెన్నా పని. నా వైపు డాబా మీద డైపోల్, అంటే మధ్య నుంచి రెండు వైపులా లాగిన తీగ, ఒక్కో కాలు 10 మీటర్లు, ఎత్తు 6 మీటర్లు. 40 మీటర్ల తరంగదైర్ఘ్యానికి ఈ ఎత్తు చాలా తక్కువ. దూరపు స్టేషన్లు కావాలనుకునేవాళ్లు ఇలా కట్టుకోరు. నాకు మాత్రం ఇదే కావాలి, ఎందుకంటే నేలకు దగ్గరగా ఉన్న డైపోల్ బలమంతా నిటారుగా పైకి పోతుంది. బావకీ నాకూ మధ్య సూటిగా 250 కిలోమీటర్లు. సిగ్నల్ సగం దూరం, అంటే 125 కిలోమీటర్లు వచ్చేసరికి 300 కిలోమీటర్లు పైకెక్కాలి. దాదాపు నెత్తిమీదికే కొట్టినట్టు. నేలను అంటుకుని వచ్చే తరంగం 7 మెగాహెర్ట్జ్‌లో అంత దూరం రాదు. కాబట్టి నాకు అందిందంటే అది పైనుంచి తిరిగొచ్చిందే.

బావకి స్థలం ఉంది. కొబ్బరిచెట్ల మధ్య మూడు జతల తీగలు ఒకే చోటి నుంచి లాగాడు. 3.57, 7.04, 10.14 మెగాహెర్ట్జ్ వంతులవారీగా పంపుతాడు. నేను రిసీవర్‌ని అదే వరసలో తిప్పుతాను.

ఫిబ్రవరి 19

తీగలు కుదురుకునేలోగా అసలు ప్రశ్న గురించి రాసుకుంటున్నాను. తక్కువ ఫ్రీక్వెన్సీ ఎందుకు తిరిగొస్తుంది, ఎక్కువది ఎందుకు దాటిపోతుంది?

నెత్తిమీది ఆ ఎలక్ట్రాన్ల పొరల పేరే అయనోస్పియర్. "అయనోస్పియర్ అద్దంలా పనిచేస్తుంది" అని చాలాచోట్ల రాస్తారు. నాకది ఎప్పుడూ చాలలేదు. అద్దమే అయితే ఎఫ్.ఎం.ని ఎందుకు వదిలేస్తుంది?

రేడియో తరంగమంటే ఊగే విద్యుత్ క్షేత్రం. ఖాళీ ప్రదేశంలో కూడా క్షేత్రం మారుతుంటే అక్కడొక రకమైన కరెంటు ఉన్నట్టే లెక్క. మాక్స్‌వెల్ చెప్పిన స్థానభ్రంశ కరెంటు అదే. తరంగం ముందుకు సాగేది దానివల్లే. క్షేత్రం ఎంత వేగంగా మారితే ఆ కరెంటు అంత ఎక్కువ. అంటే ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది.

ఇప్పుడు అదే చోట స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు పెట్టండి. క్షేత్రం వాటిని అటూ ఇటూ నెడుతుంది. అవి కదిలితే అదీ కరెంటే. ఫ్రీక్వెన్సీ తక్కువైతే ఒకే దిక్కున నెట్టే సమయం ఎక్కువ, కాబట్టి ఎలక్ట్రాన్ ఎక్కువ వేగం అందుకుంటుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే వేగం అందుకునేలోపే దిక్కు మారిపోతుంది. అంటే ఎలక్ట్రాన్ల కరెంటు ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. పైగా ఎలక్ట్రాన్‌కి బరువుంది కాబట్టి దాని వేగం నెట్టుడు వెనకాల పావు చక్రం ఆలస్యంగా వస్తుంది. స్థానభ్రంశ కరెంటేమో పావు చక్రం ముందుంటుంది. రెండూ కలిపితే సగం చక్రం తేడా, అంటే ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురే.

ఒకటి ఫ్రీక్వెన్సీతో పెరిగేది, ఒకటి తగ్గేది, రెండూ ఎదురెదురు. ఎక్కడో ఒకచోట సమానమై తీరాలి. ఆ చోటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ. దానికి పైన స్థానభ్రంశ కరెంటుది పైచేయి, తరంగం కాస్త మార్పుతో సాగిపోతుంది. దానికి కింద ఎలక్ట్రాన్లదే పైచేయి, తరంగానికి లోపల నిలిచే వీలే ఉండదు. కొద్ది దూరంలోనే క్షీణించి, తెచ్చిన శక్తినంతా వెనక్కి పంపుతుంది.

సూత్రం చిన్నదే:

```
f_p = 8.98 × √N      (f_p: kHz, N: electrons/cm³)
n²  = 1 − (f_p / f)²
```

N అంటే ఘన సెంటీమీటరులో ఎలక్ట్రాన్లు, n వక్రీభవన గుణకం. ఘన సెంటీమీటరుకు పది లక్షల ఎలక్ట్రాన్లుంటే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ దాదాపు 9 మెగాహెర్ట్జ్. నిటారుగా పంపిన 7 మెగాహెర్ట్జ్‌కి (9/7)² అంటే 1.65. ఒకటి దాటింది కాబట్టి లోపలికి దారి లేదు. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం.కి 0.008 మాత్రమే, కాబట్టి దాటిపోతుంది. జి.పి.ఎస్. 1575 మెగాహెర్ట్జ్‌కి లక్షకు మూడు వంతులు. అంత చిన్నదైనా సున్నా కాదు. పొరల మందమంతా కలుపుకుంటే జి.పి.ఎస్. దూరం లెక్కలో కొన్ని మీటర్ల తేడా తెచ్చేది అదే.

అయాన్లను లెక్కలోకి తీసుకోలేదు. ఈ ఎత్తులో ఎక్కువగా ఉండే ఆక్సిజన్ అయాన్ ఎలక్ట్రాన్ కంటే 29 వేల రెట్లు బరువు. మెగాహెర్ట్జ్ క్షేత్రానికి అది కదిలినట్టే లెక్క కాదు.

ఫిబ్రవరి 22

మొదటి రాత్రి లాగ్ చేతికొచ్చింది. సాయంత్రం నుంచి మూడు ఫ్రీక్వెన్సీలూ వచ్చాయి. 11:40 ప్రాంతంలో 10.14 పోయింది. 3:10కి 7.04 పోయింది. 3.57 తెల్లవార్లూ ఉంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు, తక్కువది వెనక, అనుకున్న వరసలోనే.

సూర్యుడు అస్తమించాక కొత్త ఎలక్ట్రాన్ల తయారీ ఆగిపోతుంది. ఉన్నవి అయాన్లతో కలిసిపోతూ తగ్గుతాయి. సాంద్రత తగ్గితే ప్లాస్మా ఫ్రీక్వెన్సీ దిగుతుంది. పొరలో ఎక్కువ సాంద్రత ఉన్న చోటి విలువని క్రిటికల్ ఫ్రీక్వెన్సీ అంటారు. నిటారుగా పోయేదాంట్లో అంతకు పై ఫ్రీక్వెన్సీ ఏదీ తిరిగిరాదు. రాత్రంతా ఈ గీత కిందికి దిగుతూ మా మూడు ఫ్రీక్వెన్సీలను ఒక్కొక్కటే దాటుకుంటూ పోతుందన్నమాట.

బావ ఫోన్ చేసి మొదట అడిగింది, "అది పైన పోయిందో, ఇక్కడ నా దగ్గర కరెంటే పోయిందో నీకెలా తెలుస్తుంది?" అని. సరైన ప్రశ్న. దానికి కాపలాగా దూరపు స్టేషన్లున్నాయి. రెండు మూడు వేల కిలోమీటర్ల అవతలి స్టేషన్ సిగ్నల్ పొరను బాగా వాలుగా తాకుతుంది. వాలుగా వచ్చేదాన్ని వంచి దింపడానికి తక్కువ సాంద్రత చాలు. అంత దూరానికి క్రిటికల్ ఫ్రీక్వెన్సీ 2.5 మెగాహెర్ట్జ్ ఉన్నా 7 మెగాహెర్ట్జ్ తిరిగొస్తుంది. 3:10 తర్వాత కూడా తూర్పు వైపు స్టేషన్లు మామూలుగానే డీకోడ్ అయ్యాయి. అంటే నా రిసీవర్ బాగుంది, అపార్టుమెంటులో ఏ ఎల్.ఇ.డి. బల్బో శబ్దం పెంచలేదు. బావ 3.57 కూడా వస్తూనే ఉంది కాబట్టి వాళ్లింట్లో కరెంటూ ఉంది. పోయింది ఆకాశంలోనే.

ఫిబ్రవరి 23

3:10 చుట్టూ ఉన్న వరసలను ఒక్కొక్కటే చూశాను. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

రెండున్నర వరకు సిగ్నల్ ఎగుడుదిగుడుగా ఉంది. ఒక డీకోడ్‌కి −5 ఉంటే తర్వాతిదానికి −17. రెండున్నర దాటాక ఒక్కసారిగా నిమ్మళించింది. అరగంటకు పైగా −9, −10 దగ్గరే నిలబడింది. మూడింటికి కొద్దిగా పెరిగి −6 అయింది. ఆ తర్వాత రెండు మూడు డీకోడ్లలోనే −25కి పడిపోయింది.

ఆ నిమ్మళానికి కారణం భూమి అయస్కాంత క్షేత్రం. దానివల్ల ఎలక్ట్రాన్లు నేరుగా ఊగలేవు, సుళ్లు తిరుగుతాయి. అందుకని పొరలోకి వెళ్లిన తరంగం రెండుగా చీలుతుంది. ఒకటి సాధారణ కిరణం, రెండోది అసాధారణ కిరణం. రెండూ నాకు చేరి, ఒకసారి కలుస్తూ ఒకసారి కొట్టేసుకుంటూ ఉంటే ఎగుడుదిగుడులొస్తాయి. మన ప్రాంతంలో ఆ ఎత్తున ఎలక్ట్రాన్లు సుళ్లు తిరిగే ఫ్రీక్వెన్సీ సుమారు 1 మెగాహెర్ట్జ్. అసాధారణ కిరణం క్రిటికల్ ఫ్రీక్వెన్సీ సాధారణ కిరణం కంటే సుమారు అందులో సగం, అంటే అర మెగాహెర్ట్జ్ ఎక్కువ. గీత దిగేటప్పుడు సాధారణ కిరణం ముందు దాటిపోతుంది. ఆ తర్వాత ఒక్కటే మిగిలింది కాబట్టి కొట్టేసుకోవడానికి జోడీ లేదు. అదే నిమ్మళం.

పోయేముందు కాస్త పెరగడం కూడా తెలిసిన సంగతే. హద్దు దగ్గర, పొరలో తక్కువ ఎత్తునుంచి తిరిగే కిరణమూ బాగా పైదాకా వెళ్లి తిరిగే కిరణమూ ఒకేచోట కలిసి దిగుతాయి. పోయాక కూడా −27 దగ్గర అప్పుడప్పుడు డీకోడ్లు కనిపిస్తాయి. అవి దూరంగా ఎక్కడో నేలమీద పడి చెదిరి వెనక్కొచ్చినవి. అందుకని డీకోడ్ పూర్తిగా ఆగిన సమయాన్ని కాకుండా, 15 డెసిబెల్స్ పడిన సమయాన్నే "పోయిన సమయం"గా తీసుకుంటున్నాను.

ఫిబ్రవరి 25

లెక్క. 125 అడ్డం, 300 నిలువు, కాబట్టి వాలు 325. మా కిరణం పూర్తి నిటారు కాదు కాబట్టి 7.04ని 325/300తో భాగించాలి. వచ్చేది 6.50 మెగాహెర్ట్జ్. చివరిగా మిగిలేది అసాధారణ కిరణం అని లాగ్‌లోనే కనిపించింది కాబట్టి, ఈ 6.50 దాని హద్దు. దాన్నుంచి సాధారణ కిరణం హద్దుకు రావాలి, ఎందుకంటే పొరలోని ప్లాస్మా ఫ్రీక్వెన్సీతో సూటిగా సరిపోయేది అదే.

```python
from math import sqrt, hypot

def density(f, d=250, h=300, fH=1.0):
    fx = f * h / hypot(d/2, h)
    fo = sqrt(fx * (fx - fH))
    return fo, (fo * 1000 / 8.98)**2

for f in (3.57, 7.04, 10.14):
    print(f, density(f))
```

7.04 పోయిన వేళకి క్రిటికల్ ఫ్రీక్వెన్సీ 5.98 మెగాహెర్ట్జ్, సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.4 లక్షల ఎలక్ట్రాన్లు. అయస్కాంత క్షేత్రాన్ని వదిలేస్తే 5.2 లక్షలు వచ్చేది. చిన్న తేడా కాదు. 10.14 పోయిన వేళకి 9.7 లక్షలు. 3.57 పోవాలంటే 94 వేలకు దిగాలి, ఆ రాత్రి దిగలేదు.

300 కిలోమీటర్లన్నది నేను అనుకున్న ఎత్తు. 250 పెట్టి చూస్తే 6.50 బదులు 6.30 వస్తుంది, 350 పెడితే 6.63. దూరం తక్కువగా ఎంచుకోవడం వల్ల కలిసొచ్చింది ఇదే. కిరణం దాదాపు నిటారు కాబట్టి ఎత్తు అటూ ఇటూ అయినా సమాధానం పెద్దగా కదలదు. వెయ్యిన్నర కిలోమీటర్ల దూరపు స్టేషన్‌తో ఇదే లెక్క చేస్తే ఎత్తు మీదే సమాధానమంతా ఆధారపడుతుంది.

11:40 నుంచి 3:10 వరకు మూడున్నర గంటల్లో 9.7 నుంచి 4.4కి. అంటే సగానికి పడడానికి మూడు గంటలు పట్టింది. ఇంత నిదానమెందుకంటే, అక్కడ ఎలక్ట్రాన్ నేరుగా ఆక్సిజన్ అయాన్‌తో కలవడం చాలా అరుదు. ముందు ఆ అయాన్ ఏ నైట్రోజన్ అణువుకో, ఆక్సిజన్ అణువుకో తగలాలి. అప్పుడు తయారైన అణు అయాన్‌తో ఎలక్ట్రాన్ చటుక్కున కలుస్తుంది. 300 కిలోమీటర్ల ఎత్తున అణువులు పలచన, కాబట్టి ఆ మొదటి అడుగుకే ఆలస్యం. పైగా గాలులు పొరను ఎత్తుతూ దింపుతూ ఉంటాయి కాబట్టి, ఈ మూడు గంటలు ఆ ఒక్క రాత్రి సంగతే.

ఫిబ్రవరి 28

ఉదయం కథ దీనికి పూర్తిగా తిరగబడింది. 6:05కి 7.04 తిరిగొచ్చింది, అప్పటికింకా ఇక్కడ సూర్యుడు రాలేదు. 7:15కి 10.14 కూడా వచ్చింది. దిగడానికి మూడున్నర గంటలు పట్టిన దూరాన్ని ఎక్కడానికి గంటా పది నిమిషాలు. అంత ఎత్తున నిలబడి చూస్తే క్షితిజం 17 డిగ్రీలు కిందికుంటుంది. మనకు తెల్లవారడానికి గంట ముందే అక్కడ ఎండ తగలడం మొదలవుతుంది.

మార్చి 9

రాత్రి 8:30కే 7.04 డీకోడ్లు ఆగిపోయాయి. ఆ వేళకి క్రిటికల్ ఫ్రీక్వెన్సీ అంత దిగే ప్రసక్తే లేదు. 10.14 కూడా ఆగింది, 3.57 కూడా. ఎక్కువది ముందు, తక్కువది వెనక అనే వరసే లేదు. అక్కడే అనుమానమొచ్చింది.

వాటర్‌ఫాల్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు సిగ్నల్ ఉందో గీసి చూపే బొమ్మ, తెరిచి చూస్తే సిగ్నల్ ఉంది! సన్నటి గీతలా ఉండాల్సింది, తడిసిన సిరాలా అడ్డంగా పరుచుకుపోయింది. విస్పర్ స్వరాల మధ్య ఎడం ఒకటిన్నర హెర్ట్జ్ మాత్రమే. సిగ్నల్ అంతకంటే ఎక్కువ చెదిరితే ఎంత బలంగా ఉన్నా డీకోడ్ కాదు.

ఇది స్ప్రెడ్ ఎఫ్. సూర్యాస్తమయం తర్వాత, అయస్కాంత భూమధ్యరేఖ చుట్టుపక్కల పొర పైకి లేచి, కింది వైపు నుంచి పలచటి ప్లాస్మా బుడగల్లా పైకి చొచ్చుకొస్తుంది. మార్చి, సెప్టెంబరు రోజుల్లో మన దగ్గర ఇది ఎక్కువ. ఆ రేఖ మన దేశంలో తిరునెల్వేలి ప్రాంతంలో పోతుంది, మనకు దూరమేమీ కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. ప్లాస్మా ఫ్రీక్వెన్సీకి చాలా పైన ఉన్న 53 మెగాహెర్ట్జ్‌కి కూడా అయనోస్పియర్ నుంచి జవాబు వస్తుందంటే ఇలాంటి గజిబిజి వల్లే. అది ప్రతిఫలనం కాదు, ఎగుడుదిగుడుల మీద పడి చెదరడం. అందుకే దానికి పెద్ద యాంటెన్నా, పెద్ద పవర్ కావాలి.

ఇకనుంచి లాగ్‌లో డీకోడ్ ఆగిన ప్రతిచోటా వాటర్‌ఫాల్ బొమ్మ చూడకుండా "పోయింది" అని రాయను. గీత సన్నగానే ఉండి మసకబారితే సాంద్రత తగ్గినట్టు, గీత పరుచుకుపోతే స్ప్రెడ్ ఎఫ్.

మార్చి 15

స్పొరాడిక్ ఇ అనుమానం ఉన్న ఒక రాత్రిని లెక్కలోంచి తీసేశాను. 105 కిలోమీటర్ల దగ్గర సన్నటి పొర ఏర్పడితే, మా దూరానికి కిరణం 50 డిగ్రీల వాలుతో తగులుతుంది. పొరకు నాలుగున్నర మెగాహెర్ట్జ్ బలమున్నా 7.04 తిరిగొచ్చేస్తుంది, పైన 300 కిలోమీటర్ల దగ్గరి ఎఫ్ పొర ఖాళీ అయినా మనకు తెలియదు. ఆ రాత్రి 7.04 తెల్లవార్లూ కదలకుండా ఒకే బలంతో ఉంది. నిజం చెప్పాలంటే అలాంటి రాత్రిని గుర్తుపట్టడానికి ఇంకా గట్టి పద్ధతి కావాలి.

మార్చి 21

బావ 14.10 మెగాహెర్ట్జ్ తీగ కూడా కట్టాడు. 250 కిలోమీటర్ల దూరానికి 14 పనిచేయదని అందరూ చెప్పే మాట. యూరప్ వెళ్లాలంటే 14, పక్క జిల్లాకి 7. అయినా మధ్యాహ్నం నుంచి వింటూ కూర్చున్నాను.

మూడున్నరకి −22తో ఒక డీకోడ్. నాలుగింటికి −11. ఐదున్నర దాటాక మళ్లీ పోయింది. వాటర్‌ఫాల్‌లో గీత సన్నగా, శుభ్రంగా ఉంది. అదే లెక్కలో పెడితే సాధారణ కిరణం హద్దు 12.5 మెగాహెర్ట్జ్, ఘన సెంటీమీటరుకు 19 లక్షల ఎలక్ట్రాన్లు. తెల్లవారుజామున 7.04 పోయినప్పటి సాంద్రతకు నాలుగు రెట్లకు పైనే.

నెత్తిమీద సూర్యుడున్న పన్నెండింటికి కాక నాలుగింటికెందుకు అని బావ అడిగాడు. పగలంతా తిరునెల్వేలి వైపు అయస్కాంత భూమధ్యరేఖ మీద విద్యుత్ క్షేత్రం ప్లాస్మాని పైకెత్తుతుంది. ఎత్తిన ప్లాస్మా అయస్కాంత బలరేఖల వెంట జారుతూ ఉత్తరానికీ దక్షిణానికీ దిగుతుంది. అలా దిగే దారిలోనే మనమున్నాం. ఎండ పుట్టించిన ఎలక్ట్రాన్లకు తోడు దక్షిణం నుంచి వచ్చి చేరేవి కూడా కలుస్తాయి, అవి చేరడానికి గంటలు పడుతుంది. రేపటి నుంచి 14.10ని కూడా వరసలో కలిపి, అది వచ్చే సమయమూ పోయే సమయమూ రోజూ రాయబోతున్నాం.